తెరిచే కాగితం రాత్రే మొదలవుతుంది

(అనంతపురంలో చిన్న కెఫేలు నడిపేవాళ్లు, అందులో పనిచేసేవాళ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ రోజు మాట్లాడుకునేది ఒక్క కాగితం గురించి. పొద్దున కెఫే తెరిచేటప్పుడు, రాత్రి మూసేటప్పుడు ఏం చేయాలో రాసిపెట్టుకునే కాగితం. ఎస్‌ఓపీ అంటారు. చాలా కెఫేల్లో ఇది ఇప్పటికే ఉంటుంది. కౌంటర్ వెనక గోడకి లామినేషన్ చేసి అంటించి ఉంటుంది. అందులో ఒక వరుస తప్పకుండా ఇలా ఉంటుంది: "మెషిన్ శుభ్రం చేయాలి." దాని పక్కన టిక్కు కోసం ఒక గడి.

ఈ వరుసలో తప్పేముంది? చదివితే ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ దీన్ని ఇద్దరికి ఇచ్చి చూడండి. ఒకతను తడిగుడ్డతో మెషిన్ పైన తుడిచి టిక్కు పెడతాడు. ఇంకొకతను పౌడర్ వేసి, కాఫీ దిగే గ్రూపులు కడిగి, ట్రే తీసి తోమి టిక్కు పెడతాడు. కాగితం మీద ఇద్దరివీ ఒకటే టిక్కులు. తేడా మరుసటి రోజు పొద్దున కాఫీలో తెలుస్తుంది. అప్పటికి రాత్రి మనిషి ఇంట్లో నిద్రపోతుంటాడు. పొద్దున మనిషి కస్టమర్ ముందు నిలబడి ఉంటాడు.

అందుకే నా మాట ఏమిటంటే, తెరిచే కాగితం, మూసే కాగితం అని రెండు వేరువేరుగా రాయకండి. అవి ఒకే పనికి రెండు సగాలు. రాత్రి చేసిన ప్రతి ముఖ్యమైన పనినీ పొద్దున వచ్చినవాళ్లు ఏదో ఒక గుర్తుతో పట్టుకోగలగాలి. అలా పట్టుకోలేని వరుస కాగితంలో ఉన్నా, ఆ పని జరుగుతుందన్న నమ్మకం లేదు. ఈ జత ఎలా కుదర్చాలో మెషిన్, ఫ్రిజ్, డబ్బులు, ఈ మూడింటి మీద చూద్దాం. ఊడవటం, తుడవటం, చెత్త బయటపెట్టడం మీకు తెలిసినవే. వాటిని ఎవరు, ఎప్పుడు చేయాలో రాస్తే చాలు.

ఒక కెఫే అనుకుందాం. సప్తగిరి సర్కిల్ దగ్గర్లో చిన్న కెఫే. రెండు గ్రూపుల ఎస్ప్రెస్సో మెషిన్ ఒకటి, గ్రైండర్ ఒకటి. మన ఊరు కాబట్టి ఫిల్టర్ కాఫీ, టీ కూడా ఉంటాయి, గ్యాస్ పొయ్యి ఉంటుంది. పొద్దున 7కి తెరుస్తారు, రాత్రి 10కి మూస్తారు. పొద్దున ఇద్దరు, రాత్రి ఇద్దరు.

ముందు పొద్దున సంగతి. 7కి షట్టర్ తీస్తాం అంటే మనిషి ఎన్నింటికి రావాలి? ఇది అడిగితే చాలామంది "అరగంట ముందు" అంటారు. ఆ అరగంట ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. దీన్ని వెనక నుంచి లెక్క వేయాలి. 7కి మొదటి కప్పు ఇవ్వాలంటే గ్రైండర్ సెట్టింగు 6:55కల్లా కుదిరి ఉండాలి. సెట్టింగు కుదరడానికి రెండు మూడు షాట్లు తీసి చూడాలి, దానికి పది నిమిషాలు. అంటే 6:45కి మెషిన్ సిద్ధంగా ఉండాలి. రెండు గ్రూపుల మెషిన్ పూర్తిగా వేడెక్కడానికి అరగంట. కాబట్టి స్విచ్ 6:15కి పడాలి. దానికి ముందు చూసుకోవాల్సిన మూడు నాలుగు పనులకు పది నిమిషాలు. మనిషి 6:05కి లోపలుండాలి.

ఇక్కడ ఒకచోట అందరూ మోసపోతారు. మెషిన్ మీద బాయిలర్ ప్రెషర్ ముల్లు ఉంటుంది కదా, అది పావుగంటలోనే 1 బార్ దాటుతుంది. ముల్లు వచ్చేసింది కదా అని కాఫీ తీస్తారు. బాయిలర్‌లో నీళ్లు వేడెక్కాయి గానీ, గ్రూపు అంటే కిలోల కొద్దీ ఇత్తడి. అది ఇంకా చల్లగానే ఉంటుంది. బాయిలర్ నుంచి వచ్చిన వేడినంతా అది తాగేస్తుంది. కాఫీ పుల్లగా, పలచగా దిగుతుంది. అప్పుడు కుర్రాడేమనుకుంటాడు? గ్రైండ్ బరకగా ఉందనుకుని సన్నం చేస్తాడు. 7:15కి గ్రూపు నిజంగా వేడెక్కాక అదే సెట్టింగులో కాఫీ చుక్కలు చుక్కలుగా దిగి చేదెక్కుతుంది. మళ్లీ బరక చేస్తాడు. రద్దీ వేళలో పావుకిలో గింజలు ఇలా పోతాయి. కాబట్టి కాగితంలో "ప్రెషర్ వచ్చాక" అని రాయకండి. "6:15కి స్విచ్, హ్యాండిళ్లు గ్రూపులకే బిగించి ఉంచాలి, 6:45కి ముందు షాట్ తీయకూడదు" అని రాయండి. హ్యాండిళ్లు ఎందుకు బిగించాలంటే, అవి కూడా బరువైన లోహమే. బల్ల మీద చల్లగా పడున్న హ్యాండిల్ పెట్టి తీస్తే మొదటి రెండు కప్పుల వేడి అదే లాగేస్తుంది.

ఈ 6:05 నుంచి 6:15 దాకా ఉన్న పది నిమిషాల్లో వరుస చాలా ముఖ్యం. మొదటి పని ముక్కుతో. షట్టర్ పూర్తిగా ఎత్తి, లైటు స్విచ్ ముట్టకముందే వాసన చూడాలి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకూడదు, ఉన్నదాన్ని ఆపకూడదు కూడా. ఎందుకంటే ఆపినా నిప్పురవ్వ రావచ్చు. తలుపులు తెరిచిపెట్టి బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి. అది గ్యాస్ లీకులకు దేశమంతటా ఉన్న నంబరు. దీనికి రాత్రి జత ఏమిటి? సిలిండర్ మీద రెగ్యులేటర్ మీట ఆపడం. పొయ్యి మీట కాదు, సిలిండర్ మీట. పొద్దున వచ్చిన మనిషి ఆ మీట ఏ వైపు ఉందో చూసి రాయాలి, "ఆపి ఉంది" లేదా "తెరిచి ఉంది" అని. తెరిచి ఉంటే ఆ రోజుకి ప్రమాదం తప్పింది, సరే. కానీ రాత్రివాళ్లకి ఆ మాట చేరాలి.

రెండో పని ఫ్రిజ్ అంకె చూడటం. దాని గురించి కాసేపట్లో చెప్తాను. మూడోది, మెషిన్ స్విచ్ వేయకముందు నీళ్లు. మన ఊళ్లో ట్యాంకు రాత్రి ఖాళీ అయి ఉండటం వింతేమీ కాదు. నీళ్లు లేకుండా హీటర్ ఆన్ అయితే ఎలిమెంట్ కాలిపోతుంది. చాలా మెషిన్లలో స్విచ్‌కి రెండు మెట్లుంటాయి. మొదటి మెట్టులో పంపు మాత్రం పనిచేసి బాయిలర్ నింపుకుంటుంది, రెండో మెట్టులో హీటర్ పడుతుంది. కాగితంలో ఇలా ఉండాలి: "సింక్ కుళాయి తిప్పు. నీళ్లు ధారగా వస్తే మెట్టు 1. అద్దం గొట్టంలో నీళ్లు రెండు గీతల మధ్యకి వచ్చాక మెట్టు 2. నీళ్లు రాకపోతే స్విచ్ వేయకు, ఓనర్‌కి ఫోన్ చెయ్." మీ మెషిన్‌కి మెట్లు లేకపోయినా, అద్దం గొట్టం లేకపోయినా, దానికి తగ్గట్టు మార్చి రాయండి. పక్క కెఫే కాగితం ఫోటో తీసుకొచ్చి పెట్టుకుంటే చెడిపోయేది సరిగ్గా ఇక్కడే.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన బోరు నీళ్లు గట్టి నీళ్లు, బాయిలర్‌లో తెల్లటి పెచ్చు కడతాయి. అందుకని చాలామంది ఆర్ఓ నీళ్లు కలుపుతారు, మంచిదే. కానీ నీళ్లలో లవణాలెంతున్నాయో చెప్పే టీడీఎస్ మరీ 10, 20కి దించేస్తే ఇంకో చిక్కు ఉంది. బాయిలర్ నిండిందా లేదా అని చూసే కడ్డీ నీళ్లలోని లవణాల గుండా కరెంటు పారడం మీద ఆధారపడి ఉంటుంది. లవణాలు లేకపోతే దానికి నీళ్లు కనపడవు. నిండినా పంపు ఆగదు, స్టీమ్ గొట్టంలో నుంచి నీళ్లు తన్నుకొస్తాయి. టీడీఎస్ మీటరు మీద 75 నుంచి 250 మధ్య ఉండేలా చూసుకోండి, 150 దగ్గరైతే బాగుంటుంది. ఇది రోజూ చూసే అవసరం లేదు, వారానికొకసారి చాలు. రోజువారీ కాగితంలో వారం పనుల్ని కుక్కకండి, అది వేరే కాగితం. రోజూ చూసేదాంట్లో అవసరం లేని వరుసలు ఎక్కువైతే చదవకుండానే టిక్కులు పడతాయి.

పొద్దున నాలుగోది డికాక్షన్. నీళ్లు పోశాక చుక్కలు దిగడానికి దాదాపు అరగంట కావాలి కాబట్టి, అది కూడా 6:20కల్లా పడాలి. మెషిన్ వేడెక్కే అరగంటా, డికాక్షన్ దిగే అరగంటా కలిసిపోతాయి. ఆ సమయంలోనే బల్లలు వేయడం, పాలు సర్దడం. ఎక్కువసేపు తనంతట తాను జరిగే పనుల్ని ముందు మొదలుపెట్టాలి. చేతులతో చేసేవి వాటి మధ్యలో దూర్చాలి. వంటింట్లో మన అమ్మలు రోజూ చేసేది ఇదే, కాగితం మీద మాత్రం ఎందుకో తలకిందులుగా రాస్తాం.

ఇప్పుడు రాత్రికి వద్దాం. మెషిన్ శుభ్రం. దీన్ని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే కాగితం ఎంత వివరంగా ఉండాలో దీని మీదే తెలుస్తుంది.

పొద్దున్నుంచి రాత్రి దాకా ప్రతి షాటు తర్వాత, గ్రూపులో మిగిలిన ఒత్తిడి వెనక్కి ఒక చిన్న వాల్వు గుండా ట్రేలోకి పోతుంది. దాంతో పాటు కాఫీ నూనె, సన్నటి పొడి కూడా ఆ దారిలోకి వెళ్లి అంటుకుంటాయి. పైనుంచి గుడ్డతో తుడిస్తే అది పోదు. అందుకే రంధ్రాలు లేని బుట్ట పెట్టి నీళ్లని వెనక్కి తన్నించాలి. దీన్నే బ్యాక్‌ఫ్లష్ అంటారు. "మెషిన్ శుభ్రం చేయాలి" అన్న ఒక్క వరుస ఇలా మారుతుంది:

"హ్యాండిల్‌లో రంధ్రాల్లేని బుట్ట పెట్టు. క్లీనింగ్ పౌడర్ చిన్న చెంచాలో సగం వెయ్, 3 గ్రాములు. గ్రూపుకి బిగించి బటన్ నొక్కు, 10 లెక్కపెట్టు, ఆపు, 10 లెక్కపెట్టు. ఇలా 5 సార్లు. ఆపిన ప్రతిసారీ ట్రేలోకి గోధుమ రంగు నురగ దూకాలి. హ్యాండిల్ తీసి కడుగు. పౌడర్ లేకుండా మళ్లీ 5 సార్లు. చివరిసారి వచ్చే నీళ్లలో నురగ, రంగు ఉండకూడదు. ఉంటే ఇంకో రెండుసార్లు."

ఇందులో కొలత ఉంది, లెక్క ఉంది, సరిగ్గా జరుగుతోందనడానికి కంటికి కనిపించే గుర్తుంది, ఎప్పుడు ఆపాలో ఉంది. పౌడర్ ఎక్కువేస్తే ఇంకా బాగా పోతుందనుకుంటారు. పోదు, లోపల మిగిలి పొద్దున కాఫీలో దిగుతుంది. అందుకే చెంచా కొలత ఉండాలి, ఆ చెంచా డబ్బాకి తాడు కట్టి వేలాడాలి.

ఇక ఈ వరుస కింద ఇంకొకటి తప్పకుండా రాయాలి. అదే "కాకపోతే" వరుస. బటన్ ఆపినా ట్రేలోకి ఏమీ దూకలేదనుకోండి. అంటే ఆ వాల్వు మూసుకుపోయింది, ఒత్తిడి హ్యాండిల్ లోపలే ఉండిపోయింది. అప్పుడు హ్యాండిల్ లాగితే వేడి నీళ్లు, పౌడర్ కలిపి మొహం మీద చిమ్ముతాయి. "నురగ దూకకపోతే హ్యాండిల్ తీయకు. మెషిన్ ఆపి, ముల్లు సున్నాకి దిగేదాకా వదిలెయ్. మెకానిక్‌కి ఫోన్ చెయ్" అని రాయాలి. ఇంకో హద్దు: ఈ వాల్వు లేని మెషిన్లు ఉన్నాయి, లివర్ మెషిన్లు, కొన్ని ఇంటి మెషిన్లు. వాటికి బ్యాక్‌ఫ్లష్ చేయకూడదు. మీ మెషిన్ పుస్తకంలో ఉంటుంది, ముందు చూసుకోండి.

ఇదంతా ఎప్పుడు చేయాలి? చివరి కాఫీ అయ్యాక అని రాస్తే, 10 దాటాక రెండు గ్రూపులూ కడగాలి. ఇంటికెళ్లే తొందరలో రెండోదానికి పౌడర్ పడదు. రాత్రి 9 దాటాక రద్దీ తగ్గుతుంది కాబట్టి 9:15కి ఎడమ గ్రూపు మూసేయండి, కుడిదాని మీద నడపండి. 9:45కి చివరి ఆర్డరు. 10 తర్వాత మిగిలేది ఒక్క గ్రూపే. గ్రైండర్ మాత్రం చివరి కాఫీ తర్వాతే. గింజల గేటు మూసి, గొట్టంలో ఉన్నవి రుబ్బి ఖాళీ చేసి, పైన మిగిలిన గింజల్ని మూత బిగిసే డబ్బాలోకి మార్చాలి. మే నెలలో మూసిన షాపులో గ్రైండర్ తొట్టిలో రాత్రంతా ఉన్న గింజలకి నూనె పైకి తేలి ముక్కవాసన మొదలవుతుంది.

స్టీమ్ గొట్టం గురించి ఒక్క మాట. పాలు ఎండి అంటుకుందని దాన్ని నీళ్ల జగ్గులో ముంచి, అలాగే మెషిన్ ఆపేసి వెళ్లిపోతారు. బాయిలర్ చల్లారేటప్పుడు లోపల శూన్యం ఏర్పడి, ఆ పాల నీళ్లని బాయిలర్‌లోకి పీల్చుకునే అవకాశం ఉంది. కాబట్టి ముంచి ఉంచేది మెషిన్ నడుస్తుండగానే, ఆపేముందు తీసి, తుడిచి, రెండు సెకన్లు ఆవిరి వదలాలి. కాగితంలో ఈ రెండు వరుసల మధ్య వేరే పని దూర్చకండి.

మరి పొద్దున మనిషి దీన్నెలా పట్టుకుంటాడు? మెషిన్ వేడెక్కాక, ఖాళీ గ్రూపులో నుంచి ఒక గ్లాసు నీళ్లు పట్టి వెలుతురులో చూడాలి, వాసన చూడాలి. తేటగా, వాసన లేకుండా ఉంటే రాత్రి పని జరిగింది. కాఫీ రంగు ఉంటే పౌడర్ పడలేదు. జారుడుగా, సబ్బులా ఉంటే కడగడం సరిపోలేదు, మళ్లీ ఉత్తి నీళ్లతో 5 సార్లు తన్నించాలి. ఆ తర్వాత గ్రైండర్‌లో మొదటి రెండు డోసులు పారేసి, మూడోది తూచి షాట్ తీయాలి. 18 గ్రాముల పొడి, కప్పులో 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లు. కాగితంలో టిక్కు వద్దు. సెకన్లు రాయమనండి. "27" అని రాసిన చోట ఎవరో గడియారం చూశారని తెలుస్తుంది. టిక్కు ఉన్నచోట ఏమీ తెలియదు.

ఇక ఫ్రిజ్. పాలు, క్రీము లాంటివి 5 డిగ్రీలు, అంతకంటే తక్కువలో ఉండాలి. ఇది మీకు తెలుసు. ఫ్రిజ్ తలుపు మీద అంకె 4 చూపిస్తుంది, రాసేస్తారు. చిక్కు ఏమిటంటే, రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా కరెంటు పోయి వచ్చిందనుకోండి. పొద్దున 6:05కి ఆ అంకె మళ్లీ 4 దగ్గరికి దిగి ఉంటుంది. మధ్యలో లోపల ఎంతదాకా పోయిందో ఆ అంకె చెప్పదు. పాలు మరిగించినప్పుడు విరిగితేనే తెలుస్తుంది. విరగకపోతే అదీ తెలియదు.

దీనికి చిన్న సాధనం ఉంది. గరిష్ఠం, కనిష్ఠం గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటరు. దాని తీగ కొనను ఒక చిన్న గ్లాసు నీళ్లలో పెట్టి, ఫ్రిజ్ మధ్య అరలో ఉంచాలి. గాలిలో వదిలితే తలుపు తీసిన ప్రతిసారీ ఎగిరి పడుతుంది. నీళ్లలో ఉంటే పాలు ఎంత వేడిలో ఉన్నాయో దాదాపుగా అదే చూపిస్తుంది. రాత్రి తాళం వేసేముందు, ఫ్రిజ్ తలుపు చివరిసారి మూసి కాస్త ఆగాక, దాని గుర్తు చెరిపేయాలి, రీసెట్ బటన్ నొక్కాలి. పొద్దున ఫ్రిజ్ తలుపు తీయకముందే గరిష్ఠం అంకె చదివి రాయాలి. రాత్రి రీసెట్ చేయకపోతే పొద్దున కనిపించేది నిన్న మధ్యాహ్నం రద్దీలోని అంకె, దానికి అర్థం లేదు. రాత్రి ఒక్క సెకను పని, దాని ఫలితం పొద్దున వేరే మనిషికి. నేను మొదట్లో చెప్పిన జత అంటే ఇదే.

అంకె వచ్చాక ఏం చేయాలో కూడా కాగితమే చెప్పాలి. "5 లోపు ఉంటే సరే. 5 దాటితే పాలు, క్రీము, కోసిన పండ్లు, శాండ్‌విచ్‌లో పెట్టేవి వాడకు, పక్కకి పెట్టి పేపరు అంటించు, ఓనర్‌కి ఫోన్ చెయ్" అని ఉండాలి. పారేయాలా వద్దా అన్న నిర్ణయం ఉదయం ఆరింటికి ఇరవయ్యేళ్ల కుర్రాడి మీద పెట్టకూడదు. ఓనర్ ఏం చూడాలి? కరెంటు ఎంతసేపు పోయిందో పక్క షాపులో అడగొచ్చు. తలుపు తీయకుండా నాలుగు గంటల దాకా ఫ్రిజ్ మామూలుగా ఓర్చుకుంటుంది. అంతకంటే ఎక్కువసేపు పోయి, అంకె 5 దాటి ఉంటే పాలు పారేయడమే. వాసన చూసి నిర్ణయించొద్దు. పాలని చెడగొట్టే సూక్ష్మజీవులూ, కడుపు చెడగొట్టేవీ ఒకటే కావు, వాసన రాకుండానే రెండోవి పెరగగలవు.

పొద్దున వచ్చే పాల ప్యాకెట్లకీ ఇదే. క్రేటు షట్టర్ బయట దించి వెళ్లిపోతారు. దించే టైము, మనం లోపలికి తీసుకునే టైము మధ్య ఎంత గ్యాపు ఉందో ఎవరూ రాయరు. ఎండాకాలంలో ఆ గ్యాపే పాల ఆయుష్షు. వీలైతే క్రేటు 6:05 తర్వాతే దించమని చెప్పండి. వీలు కాకపోతే రెండు ప్యాకెట్ల మధ్య థర్మామీటరు పెట్టి ఒక అంకె రాయండి. చాలు.

ఇప్పుడు డబ్బులు. గొడవలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే, అందుకే లెక్కతో చెప్తాను.

పొద్దున గల్లాలో చిల్లర 2,000 రూపాయలు అనుకుందాం. "చిల్లర 2,000" అని రాస్తే నాలుగు ఐదువందల నోట్లు పెట్టి పోతారు, మొదటి కస్టమర్‌కే చిల్లర ఉండదు. విడదీసి రాయండి: వందలు 8, యాభైలు 12, ఇరవైలు 15, పదులు 20, నాణేలు 100 రూపాయలవి. కలిపితే 2,000. రాత్రివాళ్లు ఇది లెక్కపెట్టి కవరులో పెట్టి, అతికించి, మీద సంతకం చేయాలి. పొద్దునవాళ్లు మొదటి బిల్లు కొట్టకముందు విప్పి లెక్కపెట్టాలి. మొదటి బిల్లుకి ముందు తేడా దొరికితే అది రాత్రి లెక్క. మొదటి బిల్లు తర్వాత దొరికితే ఎవరిదో ఎప్పటికీ తేలదు.

రాత్రి మూసేటప్పుడు గల్లాలో ఉండాల్సింది: పొద్దున చిల్లర, దానికి నగదు అమ్మకాలు కలిపి, గల్లాలో నుంచి ఇచ్చినవి తీసేయాలి. మన కెఫేలో నగదు అమ్మకాలు 6,340. మధ్యలో పాలు తక్కువై 360కి తెప్పించారు, నిమ్మకాయలు, పుదీనాకి 120. మొత్తం 480. అంటే 2,000 కలిపి 6,340, తీసేస్తే 480, ఉండాల్సింది 7,860. లెక్కపెడితే 7,620 ఉంది. 240 తక్కువ.

ఇక్కడ ఆగండి. లెక్కపెట్టే మనిషికి 7,860 అన్న అంకె ముందే తెలిసి ఉంటే ఏమవుతుంది? దొంగతనం సంగతి పక్కన పెట్టండి. మంచి మనిషే అయినా, ఆ అంకె వచ్చేదాకా మళ్లీ మళ్లీ లెక్కపెడతాడు, వచ్చిన చోట ఆగిపోతాడు. లేదా జేబులో నుంచి 240 వేసి ఇంటికెళ్లిపోతాడు. అప్పుడు అసలు తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అందుకే కాగితంలో వరుస ఇలా ఉండాలి: ముందు నోట్లు లెక్కపెట్టి పెన్నుతో రాయాలి, తర్వాతే బిల్లింగ్ మెషిన్‌లో రోజు మొత్తం తీయాలి.

240 ఎటు పోయింది? వెంటనే మనిషిని అడగొద్దు, యూపీఐ చూడండి. బిల్లుల ప్రకారం యూపీఐ అమ్మకాలు 11,450. యాప్‌లో వచ్చినవి 11,690. అక్కడ 240 ఎక్కువ. అంటే డబ్బు పోలేదు. రెండు 120 రూపాయల కోల్డ్ కాఫీల బిల్లు నగదు అని కొట్టారు, కస్టమర్ స్కాన్ చేసి ఇచ్చాడు. ఒకవైపు ఎంత తగ్గిందో ఇంకోవైపు అంతే పెరిగితే అది బటన్ తప్పు. యూపీఐ సరిగ్గా సరిపోయి నగదు మాత్రమే తగ్గితే, రాయకుండా ఇచ్చిన ఖర్చు గానీ, చిల్లర ఎక్కువ ఇవ్వడం గానీ వెతకాలి. యాప్ చూసేటప్పుడు ఒక జాగ్రత్త. దానికి రోజు అర్ధరాత్రి 12కి మారుతుంది. మీరు పండగ రోజు 12:30కి మూస్తే "ఈ రోజు" అని చూపించేది అరగంటదే. తేదీతో పాటు టైము కూడా ఎంచుకుని చూడాలి.

ఎంత తేడా దాకా వదిలేయాలి అన్నది కూడా రాసిపెట్టండి. 20 రూపాయల లోపు రాసి వదిలెయ్, పైన ఉంటే ఫోటో తీసి పంపు అని. ఏ అంకె అన్నది మీ ఇష్టం, కానీ అంకె ఉండాలి. లేకపోతే ఒక రోజు పది రూపాయలకి కోప్పడతారు, ఇంకో రోజు ఐదొందలు చూసీచూడనట్టు వదిలేస్తారు. తేడా ఉన్నవాళ్ల జీతంలో కోస్తామని మాత్రం రాయకండి. రాశారంటే ఇక ఆ కాగితంలో ఏ రోజూ తేడా కనపడదు.

ఈ కాగితం రాసేది ఎలా? ఆఫీసు గదిలో కూర్చుని కాదు. మీ దగ్గర పని బాగా తెలిసినవాళ్లు ఎవరో ఒకరుంటారు. ఒక రాత్రి, దాని మరుసటి పొద్దున ఆ మనిషి వెనక నిలబడి, గడియారం చూస్తూ, చేసినది చేసినట్టు రాయండి. వాళ్లు వాడే మాటలే రాయండి. వాళ్లు "హ్యాండిల్" అంటే హ్యాండిల్ అనే, పోర్టాఫిల్టర్ అని కాదు. తర్వాత ఆ కాగితాన్ని ఆ పని ఎప్పుడూ చేయని మనిషికిచ్చి, మీరు పక్కన నోరు మూసుకుని నిలబడండి. ఎక్కడ ఆ మనిషి తల ఎత్తి మీ వైపు చూస్తే అక్కడ వరుస తప్పు ఉంది. "ఏ గుడ్డ?" అని అడిగితే గుడ్డ రంగు రాయలేదన్నమాట. అక్కడ గుర్తు పెట్టుకుని రాత్రికే మార్చండి, పైన తేదీ వేయండి, పాత కాగితం చింపేయండి. లామినేషన్ చేయించకండి, కనీసం మొదటి రెండు నెలలు. లామినేషన్ చేస్తే మార్చబుద్ధి కాదు.

మీరేమైనా అడగాలంటే అడగండి.

(వెనక వరుసలో నుంచి ఒకరు: "అన్నా, బ్యాక్‌ఫ్లష్ మధ్యలో కరెంటు పాయ. పౌడర్ లోపలే ఉండాది. ఎప్పుడొస్తాదో తెలీదు. అప్పుడేం చేయల్ల?")

మంచి ప్రశ్న, ఇది మన దగ్గర కాగితంలో ఉండాల్సిన వరుసే. కరెంటు పోయిందంటే పంపు లేదు, కడగలేం. ముందు మెషిన్ స్విచ్ ఆపెయ్ తమ్ముడూ, లేకపోతే అర్ధరాత్రి కరెంటొచ్చి మెషిన్ తనంతట తాను వేడెక్కుతుంది. హ్యాండిల్‌లో ఒత్తిడి ఉండొచ్చు, ముల్లు సున్నాకి దిగాక గుడ్డ చుట్టి కొద్దికొద్దిగా వదులు చేసి తీయి. బుట్టలో మిగిలిన పౌడర్ కడిగెయ్. ఆ తర్వాత ముఖ్యమైనది: ఎర్ర రిబ్బను ముక్కొకటి ఎప్పుడూ ఆ పౌడర్ డబ్బాలోనే ఉంచుకోండి. దాన్ని ఆ గ్రూపుకి కట్టి వెళ్లు. పొద్దున కాగితంలో "రిబ్బను ఉన్న గ్రూపుని మెషిన్ వేడెక్కాక ఉత్తి నీళ్లతో 10 సార్లు తన్నించు, గ్లాసులో పట్టి చూడు, తేటగా ఉంటేనే రిబ్బను విప్పు" అని ఉండాలి. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినా సరే, రిబ్బను కట్టు. పొద్దున మనిషి ఫోన్ చూడకపోవచ్చు, గ్రూపు మాత్రం చూడకుండా కాఫీ తీయలేడు.